డాలర్ 85 లెక్కతో వేసుకున్న బడ్జెట్, 92 దగ్గర ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి 2025 ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్‌లో చేరింది. డాలర్ 85 ఉన్నప్పుడు లెక్క వేసుకుని 50 లక్షల లోన్ తీసుకున్నాం. రెండు సెమిస్టర్ల ఫీజు కట్టేశాం, ఇంకా రెండున్నాయి. ఒక్కో సెమిస్టర్‌కి 11,000 డాలర్లు. ఏడాది ఇన్సూరెన్స్ 2,600, నెల ఖర్చు 1,150. లోన్‌లో ఇంకా 26 లక్షలు రావాలి, మా చేతిలో పదిన్నర లక్షలున్నాయి. ఈ 2026 ఫిబ్రవరిలో బ్యాంకులో అడిగితే డాలర్ 92 అన్నారు. రేటు తగ్గేదాకా ఆగమంటారా? ఇంకెంత అప్పు చేయాల్సి వస్తుంది?

జవాబు: ముందు రూపాయలు పక్కన పెట్టి, కోర్సు అయ్యేలోగా ఇంకా ఎన్ని డాలర్లు పంపాలో చూడండి. రెండు సెమిస్టర్ల ఫీజు 22,000. రెండో ఏడాది ఇన్సూరెన్స్ 2,600. 2026 ఫిబ్రవరి నుంచి 2027 మే దాకా 16 నెలల ఖర్చు 18,400. మొత్తం 43,000 డాలర్లు. మీ ఇంటికి సంబంధించినంత వరకు ఈ అంకె ఒక్కటి గుర్తుంటే చాలు: డాలర్ మీద ఒక్క రూపాయి పెరిగితే మీకు 43,000 రూపాయలు పోతాయి. వార్తల్లో 'రూపాయి కొత్త కనిష్ఠం' అన్నప్పుడల్లా గుండె పట్టుకోనక్కర్లేదు, ఈ లెక్కతో గుణించుకోండి. నెలనెలా పంపేకొద్దీ ఈ అంకె కూడా తగ్గుతూ వస్తుంది.

85 దగ్గర ఈ 43,000 డాలర్లకు 36.55 లక్షలు సరిపోయేవి. మీ దగ్గరున్నదీ దాదాపు అంతే, 36.5 లక్షలు. 92 దగ్గర 39.56 లక్షలు కావాలి, అంటే మూడు లక్షల పైచిలుకు లోటు. అయితే 92తో బడ్జెట్ వేయకండి. డాలర్ 2022 జులైలో తొలిసారి 80ని తాకింది, 2024 డిసెంబరులో 85 దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. మొదటి అయిదు రూపాయలకు రెండేళ్లకు పైగా పడితే, తర్వాతి అయిదుకు ఏడాదే పట్టింది. అందుకే ఇవాళ్టి బ్యాంకు రేటు మీద అయిదు శాతం కలిపి, 97తో లెక్క వేసుకోండి. అప్పుడు 41.71 లక్షలు కావాలి, లోటు 5.2 లక్షలు. రేటు అక్కడిదాకా వెళ్లకపోతే మిగిలిన డబ్బు మీదే.

ఇక ఆగడం సంగతి. ఫీజు గడువు రూపాయి కోసం ఆగదు. గడువు దాటితే లేట్ ఫీజు పడుతుంది, అకౌంట్ మీద హోల్డ్ పెడతారు, హోల్డ్ ఉంటే తర్వాతి సెమిస్టర్‌కి క్లాసులు రిజిస్టర్ కావు. అలాగని డబ్బంతా ఇప్పుడే డాలర్లలోకి మార్చేయడమూ తెలివైన పని కాదు. ఏ డబ్బు ముందు వాడాలి, ఏది తర్వాత వాడాలి అన్నదే ఇక్కడ అసలు విషయం.

లోన్ డబ్బు విడుదలైన రోజు నుంచి దాని మీద వడ్డీ మొదలవుతుంది. రూపాయి పడుతుందేమోనని ఆరు నెలల ముందే లోన్ తీసి పెట్టుకుంటే, పదీ పదిన్నర శాతం వడ్డీ కడుతూ నాలుగైదు శాతం నష్టం తప్పించుకుంటున్నట్టు లెక్క. పైగా బ్యాంకు కూడా ఫీజు బిల్లు చూపిస్తేగానీ విడుదల చేయదు. కాబట్టి లోన్ ఫీజుకే ఉంచండి, గడువుకి రెండు వారాల ముందు అడగండి. సొంత డబ్బు అలా కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే ఆరేడు శాతం వస్తుంది, అంతే. దాన్ని ఇప్పుడే డాలర్లు చేస్తే కోల్పోయేది ఆ వడ్డీ. దాన్ని ఇన్సూరెన్స్ ప్రీమియంలా అనుకోండి. ఇందులో లాభం కోసం చూడకండి, డాలర్ వెనక్కి తగ్గితే ముందు కొన్నది కాస్త ఖరీదనిపిస్తుంది కూడా.

మీ పదిన్నర లక్షలకు 92 చొప్పున సుమారు 11,400 డాలర్లు వస్తాయి. అది అమ్మాయికి దాదాపు పది నెలల ఖర్చు, అంటే నవంబరు దాకా. దీన్ని రాబోయే మూడు నెలల్లో మూడు దఫాలుగా ఆమె అమెరికా అకౌంట్‌కి పంపేయండి. ఒకేరోజు పంపితే ఆ రోజు రేటుకే కట్టుబడిపోతారు, అందుకే మూడుసార్లు.

ఇప్పుడు లోన్ 26 లక్షలు చూద్దాం. ఆగస్టులో ఫీజు, ఇన్సూరెన్స్ కలిపి 13,600, జనవరిలో 11,000, మొత్తం 24,600 డాలర్లు. డాలర్ 97 అయినా 23.86 లక్షలే, రెండు లక్షల పైన మిగులుతుంది. అంటే రెండు ఫీజులకూ ఢోకా లేదు. కొరత వచ్చేది 2026 డిసెంబరు నుంచి 2027 మే వరకు ఆరు నెలల ఇంటి ఖర్చులో: సుమారు 7,000 డాలర్లు. లోన్‌లో మిగిలింది తీసేస్తే, 92 దగ్గర దాదాపు 3 లక్షలు, 97 దగ్గర 4.65 లక్షలు వెతుక్కోవాలి. సొంత డబ్బు ముందే మార్చడం వల్ల 5.2 లక్షల లోటు ఇక్కడికి దిగింది. అన్నిటికన్నా ముఖ్యం, దానికి మీకు పది నెలల టైముంది. ఇవాళ బెంబేలెత్తి 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోవలసిన పని లేదు. చీటీ ఉంటే ఇప్పుడే పాట పాడి సగం తోసేసుకోవద్దు, అక్టోబరు, నవంబరు దాకా ఆగితే తోపు తగ్గుతుంది.

ఆ కొరతకు మొదటి దారి మీ బ్యాంకులోనే లోన్ పెంచమని అడగడం. యూనివర్సిటీ ఇచ్చే తాజా ఫీజు స్టేట్‌మెంట్, వీసా కోసం అదే ఇచ్చిన ఐ-20 పత్రం, రెండు సెమిస్టర్ల మార్కులు పెట్టి సెప్టెంబరులో అప్లై చేయండి. జనవరి ఫీజు హడావుడిలో అడిగితే చేతికి అందేసరికి మార్చి అవుతుంది. మంజూరు పత్రంలో ఇంకోటి చూడండి: చదువు కాలంలో వడ్డీ కట్టాలా, అసలుకి కలుస్తుందా? విడుదలైన 24 లక్షల మీద పదిన్నర శాతమైతే నెలకు 21,000 రూపాయలు. చాలామంది బడ్జెట్ కాగితంలో ఈ గీత ఉండదు.

రెండో దారి అమ్మాయి వైపు నుంచి. టెక్సాస్‌లో చాలామందికి తెలియని ఒక వెసులుబాటు ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో పోటీ ప్రాతిపదికన ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే, ఆ విద్యార్థికి టెక్సాస్ నివాసి ఫీజే వర్తింపజేయవచ్చు. రెండు ఫీజులకూ తేడా క్రెడిట్‌కి సుమారు 400 డాలర్లు, ఒక సెమిస్టర్‌లో తొమ్మిది క్రెడిట్లకు 3,600, రెండు సెమిస్టర్లకు 7,200. స్కాలర్‌షిప్ వెయ్యే అయినా, మీ లోటు అక్కడే తీరిపోతుంది. ఇలాంటి సీట్లకు పరిమితి ఉంటుంది. అందుకే డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌నీ, స్కాలర్‌షిప్ ఆఫీసునీ ఈ వారమే అడగమనండి. 'ఈ స్కాలర్‌షిప్‌కి నాన్‌రెసిడెంట్ ట్యూషన్ మినహాయింపు వస్తుందా' అని సూటిగా అడగాలి. సబ్జెక్టుకి సంబంధించిన టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా సగం టైము పని దొరికినా అదే ఫీజు.

క్యాంపస్‌లో ఉద్యోగానికి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు అనుమతి ఉంది. గంటకు 12 డాలర్ల చొప్పున వారానికి 15 గంటలు చేసినా నెలకు 720. కానీ ఆఫర్ చేతికి రాకుండా దాన్ని బడ్జెట్‌లో రాయకండి. బయట హోటల్‌లోనో పెట్రోలు బంకులోనో క్యాష్‌కి పని అంటే మాత్రం ఒద్దనండి. దొరికితే వీసా హోదా పోతుంది, చేసిన ఖర్చంతా నీళ్లపాలు. ఫీజు కలిసొస్తుందని క్రెడిట్లు తగ్గించుకోవడం కూడా అలాంటిదే. ఫుల్‌టైమ్ లోడ్, మాస్టర్స్‌లో సాధారణంగా తొమ్మిది క్రెడిట్లు, తగ్గించడానికి డబ్బు ఇబ్బంది కారణంగా ఒప్పుకోరు.

ఇక పంపే చోట పోయే డబ్బు. మార్కెట్ రేటుకీ బ్యాంకు మీకు అమ్మే రేటుకీ తేడా ఒక రూపాయి ఎక్కువైతే అదీ 43,000 రూపాయలే. మార్కెట్ మన చేతిలో లేదు, ఇది ఉంది. రేటు అడిగేటప్పుడు 'ఆమె అకౌంట్లో 4,000 డాలర్లు పడాలంటే ఛార్జీలు, జీఎస్టీ కలిపి నా ఖాతాలోంచి ఎంత పోతుంది' అని అడగండి. అదే ప్రశ్న రెండు మూడు చోట్ల, ఒకే రోజు, ఒకే గంటలో అడిగితేనే పోల్చగలరు. మీ బ్రాంచ్ ఫారెక్స్ వాళ్లను బతిమాలితే పైసల్లో తగ్గిస్తారు, ఫీజు లాంటి పెద్ద మొత్తానికి అది వేలల్లో ఉంటుంది. విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో చదువు కోసం పంపే కోడ్ S0305 రాయాలి. ఫీజు పంపేటప్పుడు ఛార్జీల దగ్గర OUR, అంటే ఛార్జీలన్నీ పంపేవాళ్లే భరించే పద్ధతి, ఎంచుకోండి. లేకపోతే మధ్యలో బ్యాంకు కొన్ని డాలర్లు కోసుకుంటుంది, కాలేజీకి ఆ మేరకు తక్కువ చేరుతుంది, బాకీ ఉందని హోల్డ్ పడుతుంది. మీ ఇండియా డెబిట్ కార్డు అమ్మాయికిచ్చి అక్కడ గీకించడం అన్నిటికన్నా ఖరీదు, మార్కప్పే మూడు శాతం పైన ఉండొచ్చు.

టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, విషయంలో ఒక మాట. 2025 ఏప్రిల్ నుంచి, ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తానికే అది పడుతుంది. బ్యాంకు విద్యారుణంతో పంపితే అసలు లేదు. అయితే లోన్ డబ్బు ముందు మీ సేవింగ్స్ ఖాతాలో పడి అక్కడినుంచి వెళ్తే, బ్యాంకు దాన్ని సొంత డబ్బుగా లెక్కగట్టవచ్చు. పంపేటప్పుడు లోన్ మంజూరు పత్రం జతచేయండి. మీరు ఈ ఏడాది ఇప్పటికే ఫీజుకి సొంత డబ్బు పంపి ఉంటే, మొదటి దఫా మార్చి 31లోపు మీ ఆవిడ ఖాతా నుంచి, మిగతా రెండు దఫాలు ఏప్రిల్ 1 తర్వాత మీ ఖాతా నుంచి పంపండి. కోత పడ్డా అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద కట్టిన పన్నులు చూపే 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్న్‌లో పన్నుకి సర్దుకుంటారు. కాకపోతే రిఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు ఇరుక్కుంటుంది, మీ బడ్జెట్‌కి నొప్పి అక్కడ.

చివరి దారి ఒకటుంది. అమెరికా విద్యార్థి వీసా నియమాల్లో 'తీవ్ర ఆర్థిక ఇబ్బంది' కింద క్యాంపస్ బయట పనికి అనుమతి అడగవచ్చు. దానికి ఒప్పుకునే కారణాల్లో కరెన్సీ మారకం విలువలో పెద్ద మార్పు అని పేరు పెట్టి మరీ రాశారు. ఎఫ్-1 విద్యార్థి వీసా హోదాలో ఒక విద్యాసంవత్సరం పూర్తయి ఉండాలి, క్యాంపస్ పని దొరకలేదనో చాలలేదనో చూపాలి. యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు సిఫార్సు చేశాక ఇమిగ్రేషన్ వాళ్లకు ఐ-765 ఫారం వేయాలి, పని అనుమతి కార్డు రావడానికి నెలలు పడుతుంది. మీ అమ్మాయికి ఈ మే నెలతో ఆ ఏడాది పూర్తవుతుంది. డిసెంబరు కొరతకు అది అక్కరకు రావాలంటే జూన్‌లోనే ఆ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. వెళ్లేటప్పుడు లోన్ మంజూరు పత్రం, అప్పటి రేటు, ఇప్పటి రేటు, పైన వేసిన ఈ 43,000 డాలర్ల లెక్క ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లమనండి.