ఓటీపీ ఖాతాకు ఏడాదే గడువు: వీడియో కేవైసీ ఎప్పుడు, ఎలా?

ప్రశ్న: జూన్ 12న ఫోన్‌లోనే ఆధార్ ఓటీపీతో సేవింగ్స్ ఖాతా తెరిచాను. వీడియో కాల్ తర్వాత చేసుకోవచ్చని యాప్‌లో ఉంటే వదిలేశాను. 36,000 జీతం నెలాఖరున ఇందులోనే పడుతుంది. నవంబరు జీతం మాత్రం వెనక్కి వచ్చేసిందని ఆఫీసులో చెప్పారు. ఖాతాలో 41,000, అందులోంచి వేసిన ఎఫ్‌డీలో 50,000 ఉన్నాయి. లక్ష దాటలేదు కదా, మరి ఎందుకు ఆపారు? ఆధార్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాన్‌లో పూర్తిగా ఉంది. వీడియో కేవైసీకి ఇది అడ్డమవుతుందా?

జవాబు: మీరు నిల్వ మీదున్న పరిమితినే చూసుకున్నారు. జీతాన్ని ఆపింది రెండోది. ఎవరూ ఎదురుగా చూడకుండా, కేవలం ఆధార్ ఓటీపీతో తెరిచిన ఖాతాకు రిజర్వ్ బ్యాంకు మూడు హద్దులు పెట్టింది. నిల్వ ఎప్పుడూ లక్ష రూపాయలు దాటకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చే జమలన్నీ కలిపి 2 లక్షలు మించకూడదు. ఖాతా తెరిచిన ఏడాదిలోగా పూర్తి కేవైసీ కావాలి, లేకపోతే బ్యాంకు దాన్ని మూసేయాల్సిందే.

మీ లెక్క వేద్దాం. జూన్ నుంచి అక్టోబరు దాకా ఐదు జీతాలు, 1,80,000. అంటే పరిమితిలో మిగిలింది 20,000 మాత్రమే. 36,000 అందులో పట్టదు, వెనక్కి పోయింది. మీరు ఎంత ఖర్చు పెట్టారు, ఎంత మిగిలింది అన్నదానితో ఈ లెక్కకు సంబంధం లేదు. స్నేహితులు యూపీఐలో తిరిగిచ్చిన డబ్బు, షాపింగ్ రీఫండ్, బ్యాంకు వేసే వడ్డీ, మీ వేరే ఖాతా నుంచి మీరే పంపుకున్న సొమ్ము, అన్నీ జమలే. డబ్బు బయటికి పంపేస్తే నిల్వ తగ్గుతుంది గానీ జమల మొత్తం ఒక్క రూపాయి కూడా తగ్గదు.

నిల్వ విషయంలోనూ మీరు అంచునే ఉన్నారు. పరిమితి ఆ ఒక్క సేవింగ్స్ ఖాతాకు కాదు, మీ పేరున ఉన్న డిపాజిట్ ఖాతాలన్నింటికీ కలిపి. ఎఫ్‌డీతో కలిపితే 91,000. జీతం పడనిచ్చి ఉంటే 1,27,000 అయ్యేది. అలా దాటితే పూర్తి కేవైసీ అయ్యేదాకా ఖాతా పనిచేయదు, ఉన్న డబ్బు తీయడమూ కుదరదు. ఆ మాటకొస్తే జీతం వెనక్కి పోవడమే నయం.

ఏప్రిల్ 1న జమల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అప్పటిదాకా ఆగుదామనుకోవద్దు. ఏడాది గడువు ఆర్థిక సంవత్సరంతో నడవదు, మీరు ఖాతా తెరిచిన తేదీతో నడుస్తుంది. మీకది వచ్చే జూన్‌లోనే ముగుస్తుంది. ఈలోగా ఇంకో బ్యాంకులో ఇలాంటిదే మరొకటి తెరిచి గట్టెక్కుదామన్నా కుదరదు. ఓటీపీతో వేరే ఖాతా లేదు, తెరవను అని మీ చేత ముందే హామీ తీసుకున్నారు, మీరు టిక్ పెట్టిన నిబంధనల్లో అది ఉంటుంది. పాత పూర్తి కేవైసీ ఖాతా ఏదైనా ఉంటే ప్రస్తుతానికి ఆ నంబరు ఆఫీసులో ఇవ్వండి.

ఇక పేరు సంగతి. తెలుగువాళ్లకు వీడియో కేవైసీలో తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. పాన్ వివరాలను బ్యాంకు ఆదాయపు పన్ను శాఖ రికార్డుతో సరిచూస్తుంది, తర్వాత ఆధార్‌లోని పేరుతో పోలుస్తుంది. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉంటే కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి, కొన్ని కాల్ దాకా రానివ్వవు. ఒకసారి ప్రయత్నించి చూడండి. తిరస్కరిస్తే ఆధార్‌ను సరిచేయించుకోవడం మేలు, ఎందుకంటే జీతం, పన్ను రికార్డులన్నీ పాన్ పేరు మీదే ఉంటాయి. పేరుకు రుజువుగా పాన్ కార్డు పట్టుకుని ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లండి. అక్షరం అక్షరం చూసుకుని సంతకం పెట్టండి, ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండే అవకాశాలు. అంత సమయం లేదంటే నేరుగా బ్రాంచికి వెళ్లి వేలిముద్రతో కేవైసీ చేయించుకోండి. పేరు తేడాకు ఏ కాగితం కావాలో అక్కడి అధికారి ఎదురుగా చూసి చెప్పగలరు.

వీడియో కాల్‌కు కావాల్సినవి తక్కువే: ఆధార్‌కు ముడిపడిన మొబైల్ నంబరు, అసలు పాన్ కార్డు, తెల్ల కాగితం, పెన్ను. పాన్ జిరాక్సు గానీ, ఫోన్‌లోని ఫొటో గానీ చూపిస్తే కుదరదు. ముందు బ్యాంకు యాప్‌లో ఆధార్ ఓటీపీ ఇవ్వాలి, ఆ తర్వాత 3 పనిదినాల్లోపు కాల్ పూర్తవ్వాలి. శుక్రవారం ఓటీపీ ఇచ్చి మళ్లీ వారం చివర్లో చూసుకుందామంటే ఆధార్ ఓటీపీ దశను మొదటి నుంచి చేయాలి. కాల్‌లో అధికారి మీ ముఖం, పాన్ కార్డు ఫొటోలు తీసుకుంటారు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. పుట్టినతేదీ, ఉద్యోగం, ఆదాయం లాంటివి అడుగుతారు. ప్రశ్నల వరుస మనిషి మనిషికీ మారుస్తారు, ముందే రికార్డు చేసిన వీడియో కాదని తేలాలి కదా.

కాల్ విఫలమయ్యే కారణాలు చాలావరకు మన గదిలోనే ఉంటాయి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా పడుతుంది, వెలుతురు ముందు నుంచి రావాలి. పాన్ మీద లైటు మెరిస్తే అక్షరాలు కనిపించవు, కార్డును కాస్త వంచి పట్టుకోండి. పక్కన ఎవరైనా జవాబులు అందిస్తే అధికారి తిరస్కరిస్తారు, అమ్మానాన్నలకు సాయం చేసే పిల్లలు ఇక్కడే పొరపాటు చేస్తారు. జీపీఎస్ ఆన్‌లో, వీపీఎన్ ఆఫ్‌లో ఉండాలి, మీరు ఇండియాలోనే ఉన్నారని కనిపించాలి. మధ్యలో లైను తెగితే ఆగిన చోటు నుంచి సాగదు, కొత్త కాల్ మొదలుపెట్టాల్సిందే.

ఒక హెచ్చరిక. కాల్ బ్యాంకు యాప్ లేదా వెబ్‌సైటు నుంచి మీరే మొదలుపెట్టాలి. "మీ కేవైసీ ఆగిపోయింది" అంటూ వాట్సాప్‌లో వచ్చే లింకు నొక్కకండి. అసలు అధికారి ఓటీపీని నోటితో చెప్పమనరు, యూపీఐ పిన్, కార్డు వెనక మూడంకెలు అడగరు, స్క్రీన్ షేర్ చేయమనరు. అడిగితే వెంటనే కాల్ పెట్టేయండి.

కాల్ ముగియగానే ఖాతా మారిపోదు. బ్యాంకులో ఇంకొకరు ఆ రికార్డింగును తనిఖీ చేశాకే మారుతుంది. ఆపైన లక్ష, 2 లక్షల హద్దులూ, ఏడాది గడువూ పోతాయి. అయితే మారేటప్పుడు ఏ రకం ఖాతాలోకి వెళుతున్నారో చూసుకోండి. కొన్ని బ్యాంకులు కనీస నిల్వ ఉండాల్సిన ఖాతాను ముందుగా ఎంపిక చేసి చూపిస్తాయి, నెల సగటు తగ్గితే రుసుము పడుతుంది. జీతం వచ్చే ఖాతా కాబట్టి శాలరీ ఖాతాగా మార్చమని అడగండి, దానికి సాధారణంగా కనీస నిల్వ ఉండదు.

కేవైసీ పూర్తయిందని మెసేజ్ వచ్చాక కూడా వెంటనే ఆఫీసులో ఈ నంబరు ఇవ్వకండి. వేరే ఖాతా నుంచి ముందు ఒక రూపాయి పంపి చూడండి. అది జమైతే, వెనక్కి వెళ్లిన నవంబరు జీతాన్ని మళ్లీ వేయమని అడగండి.