సెవరెన్స్ కాగితంలో మీ సంతకం ధర ఎంత?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, ఎడిసన్‌లో ఉంటాం, హెచ్‌-1బీ మీద ఉన్నాను. తొమ్మిదేళ్లు నిండాయి ఈ కంపెనీలో. మా న్యూజెర్సీ ఆఫీసులో డెబ్భై మందికి పైగా తీసేస్తున్నారు, రెండు నెలల నోటీసు ఇచ్చారు. 10 వారాల జీతం సెవరెన్స్ ఇస్తాం, రిలీజ్ మీద సంతకం పెట్టి 45 రోజుల్లో పంపమన్నారు. ఏడాది జీతం 1,30,000 డాలర్లు. హెచ్‌ఆర్ వాళ్లు ఇది అందరికీ ఇచ్చే స్టాండర్డ్ కాగితమే అంటున్నారు. ఇంటి లోన్ ఉంది, ఒకటే టెన్షన్. పెట్టేయమంటారా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. మీరు రాసిన వివరాలన్నీ నిజమే అయితే, సంతకం పెట్టినా పెట్టకపోయినా మీకు రావాల్సిన డబ్బు కంటే వాళ్లు ఇస్తామంటున్నదే తక్కువ.

ఎలాగో చెప్తాను. సెవరెన్స్ ఒప్పందం నిజానికి ఒక అమ్మకం. కంపెనీ డబ్బు ఇస్తుంది, దానికి బదులుగా కంపెనీ మీద మీకున్న దావా హక్కులన్నిటినీ మీరు వదులుకుంటారు, రిలీజ్ అంటే అదే. ఆ డబ్బు మీకు ఎలాగూ రావాల్సినది కాకూడదు, దానికి పైన ఇచ్చేది అయి ఉండాలి. పని చేసిన రోజుల జీతం, కంపెనీ పాలసీ ప్రకారం ఇవ్వాల్సిన మిగిలిన సెలవుల డబ్బు, 401కెలో మీ పేరున ఇప్పటికే వెస్ట్ అయిన సొమ్ము, ఇవన్నీ మీవే. వాటిని మీకే ఇచ్చి సంతకం తీసుకుంటే మీ సంతకానికి వాళ్లు ఏమీ ఇవ్వనట్టే. అందుకే ఇలాంటి కాగితం వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఎంత ఇస్తున్నారని కాదు, అందులో నాకు ఎలాగూ రావాల్సినది ఎంత అని.

మీరు న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి ఈ లెక్క మిగతా రాష్ట్రాలకంటే వేరుగా ఉంటుంది. లేఆఫ్‌లకు ఫెడరల్ వార్న్ చట్టం ఒకటి ఉంది, అది 60 రోజుల నోటీసు అడుగుతుంది, సెవరెన్స్ ఇవ్వమని మాత్రం చెప్పదు. న్యూజెర్సీకి సొంత వార్న్ చట్టం ఉంది. దాన్ని గట్టిపరిచిన మార్పులు 2023 ఏప్రిల్ 10 నుంచి అమల్లోకి వచ్చాయి. వందమంది లేక అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ న్యూజెర్సీలో 50 మందిని లేక అంతకు మించి తీసేస్తే 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దానితోపాటు, నిండిన ఒక్కో ఏడాదికి ఒక వారం జీతం చొప్పున సెవరెన్స్ తప్పనిసరిగా చెల్లించాలి. నోటీసు 90 రోజులకు తగ్గితే దానిపైన మరో నాలుగు వారాలు. ఈ డబ్బుని వదులుకుంటున్నట్టు మీరు రాసిచ్చినా, రాష్ట్ర కార్మిక శాఖ కమిషనరో కోర్టో ఆమోదిస్తే తప్ప అది చెల్లదు.

మీ లెక్క ఇదీ. ఏడాదికి 1,30,000 అంటే వారానికి 2,500 డాలర్లు. తొమ్మిదేళ్లకు తొమ్మిది వారాలు, అంటే 22,500. నోటీసు రెండు నెలలే కాబట్టి ఇంకో నాలుగు వారాలు, 10,000. మొత్తం 32,500 డాలర్లు, మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టకపోయినా రావాల్సినవి. వాళ్లు ఇస్తామంటున్నది 25,000. వేరే రాష్ట్రంలో హెడ్డాఫీసు ఉన్న కంపెనీలు ఫెడరల్ చట్టం చూసుకుని అన్ని రాష్ట్రాలకూ ఒకే 60 రోజుల నోటీసు పంపేస్తుంటాయి, మీ విషయంలో జరిగింది అదే కావచ్చు. ఒకవేళ నోటీసు పూర్తిగా 90 రోజులు ఇచ్చి ఉన్నా, మీ సంతకం కోసం వాళ్లు ఇస్తున్న అసలు ధర ఒక్క వారం జీతం, 2,500 డాలర్లు. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో మీకు ఉన్న హక్కులన్నిటికీ అదీ వెల. ఇది రాస్తుంటే నాకే బాధేస్తోంది.

ఇదంతా ఆ 50 అనే సంఖ్య మీద నిలబడి ఉంది కాబట్టి ముందు దాన్ని రూఢి చేసుకోండి. డెబ్భై మంది అని మీరు రాసింది దేశం మొత్తం సంఖ్య కాదు, న్యూజెర్సీదేనని ఖాయమేనా? కంపెనీకి రాష్ట్రంలో ఒకటికి మించి ఆఫీసులుంటే వాటన్నిటిలో పోతున్నవాళ్లనీ కలిపే లెక్కేస్తారు. రాష్ట్ర కార్మిక శాఖ తనకు అందిన వార్న్ నోటీసుల జాబితాని వెబ్‌సైట్‌లో పెడుతుంది, అందులో మీ కంపెనీ పేరు, సంఖ్య వెతకండి. న్యూజెర్సీలో నిజంగా నలభై మందే అని తేలితే ఈ చట్టం వర్తించదు, అప్పుడు ఆ 10 వారాలూ నిజంగా సంతకానికి ఇస్తున్న డబ్బే అవుతాయి, నా సలహా కూడా మెత్తబడుతుంది.

ఇక ఆ 45 రోజుల సంగతి. అది హెచ్‌ఆర్ వాళ్ల మంచితనం కాదు. నలభై ఏళ్లు దాటినవాళ్లు వయసు వివక్ష దావాని వదులుకోవాలంటే కంపెనీ కొన్ని షరతులు పాటించాలని 1990లో ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. ఒక్కరినే తీసేస్తే ఆలోచించుకోడానికి 21 రోజులు, గుంపుగా తీసేస్తే 45 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా ఏడు రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు, ఆ ఏడు రోజుల్ని ఎవరూ తగ్గించలేరు. లాయర్‌ని సంప్రదించమని కాగితంలోనే రాసి ఉండాలి. తొందరగా సంతకం పెడితే ఎక్కువ ఇస్తామనడం, ఆలస్యమైతే ఆఫర్ తీసేస్తామనడం కుదరదు. నా దగ్గరికి సలహాకి వచ్చిన ఒకాయన కాగితం అందిన రోజు సాయంత్రమే సంతకం పెట్టేశారు, ఆలస్యం చేస్తే రిఫరెన్స్ పాడవుతుందేమోనని భయపడి. నన్ను కలిసింది పదో రోజున. అప్పటికి ఏడు రోజులు దాటిపోయాయి.

గుంపు లేఆఫ్ అయితే ఆ కాగితం చివర ఒక పట్టిక కూడా జత చేయాలి, చాలామంది దాన్ని తిప్పి కూడా చూడరు. మీ యూనిట్‌లో ఏ హోదాల్లో ఏ వయసువాళ్లని తీసేశారు, ఏ వయసువాళ్లని ఉంచారు అనేది అందులో ఉంటుంది, పేర్లు ఉండవు. కూర్చుని ఒక పెన్నుతో లెక్కేయండి. ఉదాహరణకి మీ హోదాలో 18 మంది ఉన్నారనుకోండి, నలభై దాటిన 11 మందిలో 8 మందిని తీసేసి, నలభై లోపు 7 గురిలో ఒక్కరినే తీసేస్తే, అది లాయర్ తప్పక చూడాల్సిన లెక్క. దాంతోనే వివక్ష రుజువైపోదు, కానీ మీరు అమ్ముతున్న హక్కుకి ఎంతో కొంత విలువ ఉందని తెలుస్తుంది. ఆ పట్టిక అసలు లేకపోతే వయసు దావా వరకు ఆ రిలీజ్ చెల్లకుండా పోవచ్చు. 1998లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసులో, ఇలాంటి లోపం ఉన్న రిలీజ్ మీద సంతకం పెట్టిన ఉద్యోగిని ఆ డబ్బు తిరిగి ఇవ్వకుండానే వయసు వివక్ష దావా వేయొచ్చని చెప్పింది. అయితే దీన్ని నమ్ముకుని మాత్రం సంతకం పెట్టకండి, ఎందుకంటే ఆ రక్షణ వయసు దావాకి మాత్రమే. జాతి, పుట్టిన దేశం, అడిగినందుకు కక్ష కట్టడం, రావాల్సిన బోనస్ లాంటివన్నీ అదే రిలీజ్‌లో వదులుకుంటారు, వాటికి ఈ 45 రోజుల నియమాలు వర్తించవు.

రిలీజ్ ఎంత వెడల్పుగా రాసినా కొన్ని దాని కిందికి రావు. నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకునే హక్కు, పనిలో గాయపడితే వచ్చే పరిహారం, సంతకం తర్వాత జరిగేవాటి మీద దావా, వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేసే హక్కు. ఈ చివరిదాన్లో ఒక మెలిక ఉంది, ఫిర్యాదు చేయొచ్చు గానీ దాని ద్వారా మీకు వచ్చే డబ్బుని మాత్రం ముందే వదులుకునేలా రాయించుకోవచ్చు, చాలా కాగితాల్లో ఆ వాక్యం ఉంటుంది.

మీకు డబ్బుకంటే ముందు పట్టించుకోవాల్సింది హెచ్‌-1బీ గడియారం. ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గడువు సెవరెన్స్ డబ్బు ఆగిన రోజు నుంచి కాదు, ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. ఐ-94 అంతకుముందే అయిపోతే ఆ రోజుతోనే ముగుస్తుంది. సెవరెన్స్ 13 వారాలు వచ్చినా గడువు పెరగదు. అందుకని బేరమాడేటప్పుడు మీరు అడగాల్సిన మొదటి విషయం ఇంకో నాలుగు వారాల డబ్బు కాదు, చివరి ఉద్యోగ తేదీని ఇంకో ముప్ఫై రోజులు పొడిగించమని, ఆ కాలమంతా పేరోల్ మీద ఉంచమని. నోటీసు ఎలాగూ ముప్ఫై రోజులు తక్కువైంది కాబట్టి ఈ కోరిక వాళ్లకూ కష్టం కాకూడదు. కాకపోతే అప్పుడు నోటీసు 90 రోజులకు చేరి ఆ అదనపు నాలుగు వారాలు పోవచ్చు, మీ పరిస్థితిలో ఆ మారకం మంచిదేనని నా అభిప్రాయం. ఒక జాగ్రత్త, పని ఇవ్వకుండా జీతం మాత్రం ఇచ్చే కాలాన్ని ఇమిగ్రేషన్ వాళ్లు ఎలా చూస్తారో వివరాల్ని బట్టి మారుతుంది, కాబట్టి తేదీ ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగండి. కంపెనీ లాయర్‌ని కాదు, మీ సొంత లాయర్‌ని.

ఇంటి లోన్ లెక్కకి 32,500 మొత్తాన్ని పెట్టుకోకండి. సెవరెన్స్ మీద సాధారణంగా 22 శాతం ఫెడరల్ పన్ను ముందే పట్టుకుంటారు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌కి 7.65 శాతం పోతుంది. అంటే దాదాపు 22,860 మిగులుతుంది, అందులోంచి రాష్ట్ర పన్ను కూడా పోవాలి. కోబ్రా కింద పాత ఇన్సూరెన్స్ కొనసాగిస్తే ప్రీమియం మొత్తం మీరే కట్టాలి, దానిపైన రెండు శాతం వరకు అదనం. అందుకే రెండు మూడు నెలల ప్రీమియం కంపెనీనే కట్టమని బేరంలో అడగండి, ఇది వాళ్లు తరచుగా ఒప్పుకునే కోరిక.

హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయకండి, మెయిల్ రాయండి. కోపం వద్దు, రెండే ప్రశ్నలు. న్యూజెర్సీ వార్న్ ప్రకారం నాకు రావాల్సిన సెవరెన్స్ ఎన్ని వారాలు అని మీరు లెక్కేశారు? ఈ 10 వారాల్లో రిలీజ్ కోసం అదనంగా ఇస్తున్న భాగం ఎంత? జవాబు వచ్చాక ఆ మెయిల్, పద్నాలుగో పదిహేనో ఎన్ని పేజీలున్నా కాగితం మొత్తం, వయసుల పట్టిక, నోటీసు లేఖ తీసుకుని ఉద్యోగుల తరఫున వాదించే లాయర్ దగ్గరికి వెళ్లండి. కాగితం చదివి చెప్పడానికి మొత్తంగా ఒకే ఫీజు తీసుకుంటారా అని ముందే అడగండి. కాగితం అందిన తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, 45వ రోజుకి కాకుండా 30వ రోజుకి ఈ పనులన్నీ అయ్యేలా చూసుకోండి, ఎందుకంటే బేరానికి వాళ్లు సమాధానం చెప్పడానికి వారం పది రోజులు పడుతుంది. ఆఫర్‌లో ముఖ్యమైన మార్పు ఏదైనా జరిగితే 45 రోజులూ మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తాయి, మార్పులకు కొత్త గడువు ఉండదని కాగితంలోనే రాసి మీరు ఒప్పుకుంటే తప్ప. ఆ వాక్యం మీ కాగితంలో ఉందేమో ఈ రాత్రే చూడండి.