ట్యూబులో ఉప్పునీళ్లు 9 మి.లీ. పోయాలా, 10 మి.లీ. పోయాలా?

"సార్, భీమిలి దగ్గర మాకు నాలుగు వనామి చెరువులున్నాయి. గట్టు మీద చిన్న ల్యాబ్ పెట్టుకుని విబ్రియో బ్యాక్టీరియా కౌంట్ మేమే చూసుకుంటున్నాం. 10 మి.లీ. ఉప్పునీళ్లున్న ట్యూబుల్లో 1 మి.లీ. చొప్పున కలుపుకుంటూ పోతాం. మొన్న మొదటి ట్యూబు ప్లేటులో లెక్కపెట్టలేనన్ని కాలనీలు, రెండో దాంట్లో 62, మూడో దాంట్లో 19 వచ్చాయి. దేన్ని నమ్మాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది."
– రొయ్యల రైతు, భీమునిపట్నం, విశాఖపట్నం జిల్లా

ఈసారికి దేన్నీ నమ్మకండి. ఈ లెక్క చూసి చెరువులో మందేమీ చల్లకండి. ఒక ట్యూబు నుంచి తర్వాతి ట్యూబుకు కాలనీలు సుమారు పదో వంతుకు పడిపోవాలి. 62 తర్వాత అయిదో ఆరో రావాలి. కాలనీలు తక్కువగా ఉన్నప్పుడు మూడో, తొమ్మిదో వచ్చినా సరే అనుకోవచ్చు. 19 మాత్రం అలా వచ్చేది కాదు.

మీరు రాయలేదు గానీ, ప్లేట్ల మీద పోసేటప్పుడు అన్నింటికీ ఒకే పిపెట్ టిప్ వాడి ఉంటారని నా అనుమానం. అదీ చిక్కటి ట్యూబుతో మొదలుపెట్టి. టిప్ లోపల కంటికి కనపడని తడి 0.01 మి.లీ. మిగిలిందనుకోండి. అది ముందు ట్యూబుది కాబట్టి పదింతలు చిక్కన. అంటే తర్వాతి ట్యూబు నీళ్లు 0.1 మి.లీ. పోసినంత పని ఆ తడి ఒక్కటే చేస్తుంది. ప్లేటు మీద పోసేదే 0.1 మి.లీ. కాబట్టి కాలనీలు రెట్టింపవుతాయి. ఈ లెక్కన మీ 62లోనూ మొదటి ట్యూబు వాటా ఉండొచ్చు.

ఇక 10 మి.లీ. సంగతి. పదిలో ఒకటి కలిపితే పదకొండు అవుతుంది, పదో వంతు కాదు. మొదటి ట్యూబు 11వ వంతు, రెండోది 121వ వంతు, మూడోది 1,331వ వంతు. మూడో ట్యూబును వెయ్యో వంతు అనుకుని లెక్క కడితే అసలు సంఖ్య కన్నా పాతిక శాతం తక్కువ చూపిస్తుంది. 9 మి.లీ. పోయండి, గోల వదిలిపోతుంది.

ఒక చెరువుకు మూడు ట్యూబులు, 27 మి.లీ. ఉప్పునీళ్లు. నాలుగు చెరువులకు 108 అవుతుంది, ఒలికిపోయేదానితో కలిపి 150 మి.లీ. చేసుకోండి. ఇందుకు వట్టి డిస్టిల్డ్ వాటర్ పనికిరాదు, ఉప్పుకు అలవాటుపడ్డ విబ్రియో అందులో చస్తుంది. మీ చెరువు ఉప్పుదనం 15 పీపీటీ అయితే 150 మి.లీ.కి అయోడిన్ లేని ఉప్పు 2.25 గ్రాములు వేయండి. నీళ్లను ట్యూబుల్లో పోసి స్టెరిలైజ్ చేస్తే కొంత ఆవిరైపోతుంది, 9 కాస్తా ఎనిమిదిన్నర అయినా కావచ్చు. అందుకని నీళ్లను సీసాలోనే ఉంచి, ఖాళీ ట్యూబులను విడిగా పెట్టి, కుక్కర్లో 15 పౌండ్ల ప్రెషర్‌లో 15 నిమిషాలు ఉంచండి. చల్లారాక దీపం పక్కన 9 మి.లీ. చొప్పున కొలిచి పోయండి.

చెరువు నీటి సీసాను బాగా కుదిపి 1 మి.లీ. మొదటి ట్యూబులో వేయండి. టిప్ మార్చి, ట్యూబును పది పదిహేను సెకన్లు బాగా కలిపి, అందులోంచి 1 మి.లీ. రెండో దానికి. మళ్లీ టిప్ మార్చి మూడో దానికి. చెరువులో మి.లీ.కి 44,000 ఉన్నాయనుకుందాం. ట్యూబుల్లో వరుసగా మి.లీ.కి 4,400, 440, 44 ఉంటాయి. ఒక్కో దాంట్లోంచి 0.1 మి.లీ. విబ్రియోను పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద పరిస్తే 440, 44, 4 కాలనీలు రావాలి. 30 నుంచి 300 మధ్య ఉన్నదే లెక్కకు పనికొస్తుంది, ఇక్కడ రెండోది. 44ను 0.1తోనూ, 0.01తోనూ భాగిస్తే 44,000 వస్తుంది. ప్లేట్ల మీద పోసేటప్పుడు మాత్రం మూడో ట్యూబుతో మొదలుపెట్టి వెనక్కి రండి. అప్పుడు టిప్ మార్చడం మరిచినా నష్టం తక్కువ. ట్యూబుకు రెండేసి ప్లేట్లు పెట్టి సగటు తీసుకోండి.

టీసీబీఎస్‌ను కుక్కర్లో పెట్టొద్దు, మరిగిస్తే చాలు. ప్లేట్లు 28–30 డిగ్రీల్లో ఉంచి 24 గంటలకల్లా లెక్కపెట్టండి. కొందరు రేపు చూద్దాంలే అని ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. పసుపు కాలనీలు అందులో ఆకుపచ్చగా మారిపోతాయి, అక్కడ మొదలవుతుంది రొయ్యలను చంపే ఈఎంఎస్ జబ్బేమోనన్న లేని భయం. నిజంగా ఆకుపచ్చవే వచ్చినా అది ఈఎంఎస్ అని ఈ ప్లేటు చెప్పలేదు. ఆ విషయం తేలాలంటే రొయ్య కాలేయాన్ని పీసీఆర్ పరీక్షకు పంపాల్సిందే.