‘చంపి ఉండాలి’ అంటే రుజువైనట్టేనా?

సందేహం: ఒక హత్య కేసు తీర్పు వార్తలో ‘కళ్లారా చూసినవాళ్లు లేకపోయినా, పరిస్థితులను బట్టి అతడే చంపి ఉండాలని కోర్టు తేల్చింది’ అని రాశారు. ‘చంపి ఉండాలి’ అంటే ఊహించి చెప్పినట్టుంది. తీర్పు గురించి అలా రాయవచ్చా?

సమాధానం: వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, తీర్పు చెప్పడానికి ఆ మాట చాలదు. మీ అనుమానం సరైన చోటే పడింది.

‘ఉండాలి’ చేత మనం రెండు పనులు చేయించుకుంటాం. ‘రేపు పదింటికల్లా ఆఫీసులో ఉండాలి’ అంటే తప్పనిసరి. ‘లైటు వెలుగుతోంది, లోపల ఎవరో ఉండి ఉండాలి’ అంటే అంచనా. జరిగిపోయిన పని గురించి ‘చంపి ఉండాలి’, ‘వెళ్లి ఉండాలి’ అన్నప్పుడు చెవికి వినబడేది ఈ రెండోదే. ‘ఉండవచ్చు’ కన్నా ఇది గట్టిదే. అయినా ‘లైటు ఆర్పడం మరిచి వెళ్లిపోయారేమో’ అని ఎవరైనా అంటే మన దగ్గర జవాబుండదు.

సరిగ్గా ఆ ‘ఏమో’కు చోటు లేకుండా చేయమని మన సుప్రీంకోర్టు అడుగుతుంది. పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే కేసులకు నేటికీ కొలబద్దగా వాడే శరద్ బిర్ధిచంద్ సార్దా కేసులో, 1984లో, ఈ తేడాను కోర్టు నేరుగా ప్రస్తావించింది. ‘రుజువై ఉండవచ్చు’ అనడానికీ ‘రుజువై తీరాలి’ అనడానికీ మధ్య తేడా వ్యాకరణంలోనే కాదు, చట్టంలోనూ ఉందని చెప్పింది. 1973 నాటి శివాజీ బోబడే తీర్పులోని మాటనే అక్కడ గుర్తుచేసింది.

సార్దా కేసు సంగతులు చూస్తే మాటల బరువు తెలుస్తుంది. పెళ్లయిన నాలుగు నెలలకే, 1982 జూన్‌లో, పుణేలో ఒక యువతి పొటాషియం సైనైడ్ వల్ల చనిపోయింది. భర్తతో ఆమెకు సఖ్యత లేదు. తన బాధంతా తోబుట్టువుకూ స్నేహితురాలికీ ఉత్తరాల్లో రాసుకుంది. ఆ రాత్రి భర్త ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఇవన్నీ వరసగా పేర్చి చూస్తే ఎవరికైనా ‘అతడే చంపి ఉండాలి’ అనిపిస్తుంది. సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది.

సుప్రీంకోర్టు అవే ఉత్తరాలను మళ్లీ చదివింది. అంత దిగులు పడ్డ మనిషి తానే విషం తీసుకునే అవకాశం లేదా అని అడిగింది. ఆ అవకాశాన్ని ప్రాసిక్యూషన్ కొట్టెయ్యలేకపోయింది. పైగా విషం కేసుల్లో, నిందితుడి దగ్గర ఆ విషం ఉందని చూపించాలి. సైనైడ్ అతని చేతికి వచ్చిందనడానికి సాక్ష్యం లేదు. మరణశిక్ష పడ్డ మనిషి విడుదలయ్యాడు.

ఇక్కడ మన భాషలోని ఒక చిన్న ప్రత్యయం పనితీరు గమనించండి. ‘అతడే’లోని ఏకారం వేరే మనుషులను మాత్రమే తోసిపుచ్చుతుంది. ‘ఎవరు చంపారు?’ అనే ప్రశ్నకు అది జవాబు. ఈ కేసులో మిగిలిన ప్రశ్న అది కాదు, అసలు ఎవరైనా చంపారా అన్నది. చట్టం అడిగేది నిర్దోషిత్వానికి తావిచ్చే ప్రతి వివరణనూ, ఆత్మహత్య, ప్రమాదం సహా, సాక్ష్యంతో మూసెయ్యమని. అలాగని గాలిలోంచి పుట్టించే ఊహలన్నిటికీ జవాబు చెప్పనక్కర్లేదు. సాక్ష్యంలోంచి సహజంగా తలెత్తే సందేహం ఒక్కటి నిలిచినా, దాని ఫలితం నిందితుడికే దక్కుతుంది.

అందుకని శిక్ష పడిన కేసులో నేనైతే ‘రుజువైన పరిస్థితులన్నీ కలిపి చూస్తే, అతడు చంపాడనడం తప్ప వేరే వివరణకు వీల్లేదని కోర్టు తేల్చింది’ అని రాస్తాను. కాస్త పొడుగే, కానీ ‘తప్ప… లేదు’ అనే ఈ కూర్పు మిగిలిన దారులన్నీ మూసేస్తుంది. ‘రుజువైన’ అనే మాట కూడా వదలకూడదు. సాక్ష్యాల గొలుసులోని ఒక్కో లంకె విడిగా గట్టిగా రుజువయ్యాకే వాటిని కలపాలి. ఊహ మీద ఊహ పేరిస్తే గొలుసు కాదు. ‘చంపి ఉండాలి’ అన్నది పోలీసుల అనుమానం రాసేటప్పుడు వాడుకోండి, అక్కడ అది చక్కగా అతుకుతుంది.

వార్తల్లో తరచూ కనబడే ఇంకో వాక్యం ఉంది: ‘నిందితుడు చెప్పింది అబద్ధమని తేలింది కాబట్టి నేరం రుజువైంది’. ఇందులో ‘కాబట్టి’ తప్పు. భయంతోనో పరువు కోసమో అబద్ధమాడే నిర్దోషులుంటారు. మిగతా గొలుసు పూర్తయి ఉంటే ఆ అబద్ధం అదనపు లంకె అవుతుంది గానీ, తెగిన చోట అతుకు వెయ్యడానికి పనికిరాదని అదే సార్దా తీర్పు చెబుతుంది. అక్కడ ‘నిందితుడు చెప్పింది అబద్ధమని కూడా తేలింది’ అని రాస్తే సరిపోతుంది.