యాప్ తీసేసినా వ్యాన్ ఫీజు ఆగదు

ప్రశ్న: మావారికి చిత్తూరు బదిలీ అయింది. పాపను అక్కడే స్కూల్లో చేర్చాం. తిరుపతిలో వ్యాన్ ఫీజు 1,800 మాత్రం ప్రతి 5వ తేదీన ఆయన ఖాతాలోంచి పోతూనే ఉంది. వ్యాన్ ఆయనకి చెప్పాం, ఫోన్‌లో డబ్బు కట్టే యూపీఐ యాప్ కూడా తీసేశాం. ఇంకేం చెయ్యాలి?
- ఓ పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: ఆ యాప్ మళ్ళీ వేయించండి. డబ్బు తీసుకోమని మీరిచ్చిన అనుమతి, అంటే మాండేట్, ఫోన్‌లో కాదు, బ్యాంకు దగ్గర ఉంటుంది. యాప్ పోతే దాన్ని రద్దు చేసే బటన్ మాత్రమే పోతుంది.

ముందు స్టేట్‌మెంట్‌లో 5వ తేదీ వరుస చూడండి. UPI అని ఉంటే సులువు. మీవారు అదే సిమ్‌తో అదే యాప్‌లోకి వెళ్ళి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి, AutoPay తెరవాలి. అక్కడ వ్యాన్ ఆయన పేరు కనబడకపోవచ్చు, ఫీజు వసూలు చేసిపెట్టే కంపెనీ పేరు ఉండొచ్చు. మొత్తం కూడా 1,800 కాకుండా గరిష్ఠ పరిమితిగా 3,000 అని ఉండొచ్చు. అందుకని తేదీని బట్టి పోల్చుకోండి. తెరిచి Cancel నొక్కి, యూపీఐ పిన్ కొడితే అయిపోయింది. చిత్తూరులో కూర్చునే చెయ్యొచ్చు. పక్కనే Pause కనిపిస్తే అది నొక్కకండి. వేసవి సెలవులకైతే బాగుంటుంది గానీ, గడువు అయ్యాక మళ్ళీ కోత మొదలవుతుంది.

NACH లేదా ACH అని ఉంటే అది ఖాతాలోంచి నేరుగా డబ్బు తీసుకునే వేరే పద్ధతి, యూపీఐ యాప్‌లో ఎంత వెతికినా దొరకదు. నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల పేజీ ఉంటే అక్కడ, లేకపోతే బ్రాంచిలో ఉత్తరం రాసిచ్చి రద్దు చేయించాలి. ఆ మాండేట్‌కి UMRN అని ఒక నంబరుంటుంది, ఉత్తరంలో అది రాస్తే వాళ్ళు వెతుక్కోనక్కర్లేదు. ఇచ్చిన కాపీ మీద స్టాంపు వేయించుకోండి. SI అని ఉంటే అది బ్యాంకు సొంత స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. నెట్ బ్యాంకింగ్‌లో గానీ బ్రాంచిలో గానీ తీసేస్తారు.

ఖాతా ఖాళీగా ఉంచితే ఆగిపోతుందని కొందరంటారు. అలా చేస్తే మాండేట్ అలాగే ఉంటుంది, పైగా చాలా బ్యాంకులు బౌన్స్ చార్జీ వేస్తాయి.

యూపీఐ ఆటోపేలో కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. అది వచ్చాక హడావుడి పడకుండా 1వ తేదీ లోపే రద్దు చెయ్యండి. జాబితాలో Cancelled లేదా Revoked అని మారాక స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను బండి అమ్మేశాక కూడా స్టేషన్ దగ్గరి పార్కింగ్ పాస్‌కి నాలుగు నెలలు కట్టాను, ఆ మెసేజ్‌లు చదవక.

ఇప్పటికే పోయిన 1,800 మాత్రం రద్దుతో వెనక్కి రాదు. మీరిచ్చిన అనుమతి ప్రకారమే పోయింది కాబట్టి బ్యాంకు దాన్ని మోసం కింద చూడదు. పాప టీసీ తేదీ, కోత పడిన తేదీ చూపించి వ్యాన్ ఆయన్నే అడగండి.