'ఎగిరే రాడార్' అంటే సరిపోతుందా?

సందేహం: మాస్టారూ, పత్రికల్లో 'గగనతల ముందస్తు హెచ్చరిక, నియంత్రణ విమానం' అని బారెడు పేరు రాస్తున్నారు. పిల్లలకు చెప్పబోతే నోరు తిరగడం లేదు. 'ఎగిరే రాడార్' అంటే తప్పా? – ఒక ఉపాధ్యాయిని, కళింగపట్నం

సమాధానం: తప్పు కాదమ్మా, కానీ ఆ విమానం చేసే పనిలో సగమే అందులోకి వస్తుంది.

'ముందస్తు' ఎందుకో మీ ఊరి సముద్రమే చెబుతుంది. ఒడ్డు నుంచి కనుమరుగైన పడవ లైట్‌హౌస్ ఎక్కితే మళ్లీ కనబడుతుంది. రాడార్‌కూ భూమి గుండ్రదనమే అడ్డు. ఒడ్డున 30 మీటర్ల ఎత్తులో రాడార్ పెట్టారనుకోండి. నీటికి 100 మీటర్ల పైన, గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే శత్రు విమానం దానికి సుమారు 64 కిలోమీటర్ల దూరంలో గానీ కనబడదు. అంటే చేతిలో నాలుగు నిమిషాలే. అదే రాడార్‌ను 9,000 మీటర్ల ఎత్తుకు తీసుకెళితే చూపు 430 కిలోమీటర్ల దాకా సాగుతుంది, దాదాపు 29 నిమిషాలు చేతికొస్తాయి. రాడార్‌కు అంత శక్తి ఉంటేనే సుమా. చిన్న డ్రోన్ అంత దూరాన దొరకదు.

పైనుంచి కిందికి చూడటంలో ఒక చిక్కుంది. అలల నుంచి, నేల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లో విమానం కలిసిపోతుంది. దగ్గరకొచ్చే వస్తువు నుంచి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం మారుతుంది కాబట్టి, ఆ తేడాతో దాన్ని వేరుచేస్తారు. శత్రువు దగ్గరకూ రాకుండా, దూరమూ పోకుండా అడ్డంగా ఎగిరితే ఆ తేడా దాదాపు సున్నా అవుతుంది. తెర మీద గుర్తు కాసేపు మాయమవుతుంది. తెర ముందున్నవాళ్లు అది ఏ దిక్కున తప్పిపోయిందో గుర్తుపెట్టుకుని మళ్లీ వెతకాలి.

ఇక రెండో సగం. లోపల వరసగా తెరల ముందు కూర్చున్నవాళ్లు మన యుద్ధవిమానాల పైలట్లకు లక్ష్యం ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత ఎత్తున ఉందో చెబుతారు. డేటా లింక్‌తో తమ తెర మీది చిత్రాన్నే పంపగలరు కూడా. దాంతో యుద్ధవిమానం తన రాడార్ ఆపేసి వెళ్లగలదు. రాడార్ వేస్తే ఆ తరంగాలే తన జాడ శత్రువుకు చెప్పేస్తాయి మరి. ఈ పనికి 'నియంత్రణ' నాకు నచ్చదు. తెలుగులో అది అదుపు చెయ్యడం, ఆంక్ష పెట్టడం అన్న అర్థాల వైపు లాగుతుంది. ఇక్కడ జరిగేది దారి చూపి నడిపించడం. 'హెచ్చరిక–నిర్దేశక విమానం' అనండి, పిల్లలకు నోరూ తిరుగుతుంది, రెండు పనులూ చేరతాయి.

కొందరు మన దేశపు హెచ్చరిక–నిర్దేశక విమానం 'నేత్ర'ను 'నలుదిక్కులా చూసే' విమానం అని రాస్తున్నారు, అది మాత్రం దిద్దాలి. ఇల్యూషిన్ విమానం మీద గుండ్రటి గొడుగులో అమర్చిన ఫాల్కన్ రాడార్ 360 డిగ్రీలూ చూస్తుంది. నేత్ర వీపు మీద పొడుగాటి పలకలా ఉన్న రాడార్ రెండు పక్కలా కలిపి 240 డిగ్రీలు చూస్తుంది. ముక్కు వైపూ తోక వైపూ చూపు ఉండదు కాబట్టి, సరిహద్దుకు పక్క చూపిస్తూ పొడుగాటి చుట్లు కొడుతుంది.