గాజులు కుదవ పెట్టే ముందు పంపాల్సిన మెసేజ్

ప్రశ్న: మా అబ్బాయి డిప్లొమా పాసై ఏడాదైంది. శ్రీసిటీలోని ఒక కంపెనీలో నెలకు 24,000 జీతంతో ఉద్యోగం వచ్చిందని కన్సల్టెన్సీవాళ్లు మెయిల్‌లో ఆఫర్ లెటర్ పంపారు. ల్యాప్‌టాప్, ట్రైనింగ్ డిపాజిట్ కింద 15,500 శుక్రవారంలోపు కట్టాలట, మూడో నెల జీతంతో తిరిగి ఇచ్చేస్తారట. నా గాజులు కుదవ పెట్టి కడదామనుకుంటున్నా. ఇది నిజమేనా అని అడిగితే ఉద్యోగం పోతుందేమోనని మావాడికి భయం. ఎలా అడగాలి సార్?
– ఒక తల్లి, రేణిగుంట

జవాబు: అమ్మా, గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. ముందు ఒక మెసేజ్ పంపుదాం. అందులో ఏం రాస్తామన్నది ఎంత ముఖ్యమో, ఎవరికి పంపుతామన్నదీ అంతే ముఖ్యం.

మీ అబ్బాయి భయం సంగతి ముందు చెబుతాను. మనుషుల్ని వెతికిపెట్టినందుకు కన్సల్టెన్సీకి ఫీజు కట్టేది కంపెనీ. చాలాచోట్ల అది ఆ ఉద్యోగి ఒక నెల జీతమంత ఉంటుంది. అంటే మీవాడు చేరితే వాళ్లకు దాదాపు 24,000 వస్తుంది, చేరకపోతే ఏమీ రాదు. నిజమైన రిక్రూటర్ ఎవరైనా, ఒక ప్రశ్న అడిగాడని ఆ డబ్బు వదులుకోడు. పైగా ఈ ప్రశ్న వాళ్లకు కొత్తేమీ కాదు. తమ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దని చాలా కంపెనీలు సొంత వెబ్‌సైట్లోనే రాసి పెడుతున్నాయి. ల్యాప్‌టాప్ అంటారా, అది కంపెనీ వస్తువు. చేరిన రోజు సంతకం పెట్టించుకుని ఇస్తారు, మానేసే రోజు వెనక్కి తీసుకుంటారు. దానికి మీ గాజులతో పనేముంది?

మెసేజ్ ఇద్దరికి వెళ్లాలి, ఒకటి కన్సల్టెన్సీకి, ఇంకొకటి కంపెనీకి. కంపెనీ మెయిల్, ఫోన్ నంబర్ మాత్రం ఆఫర్ లెటర్లోంచి తీసుకోకండి. లెటర్ దొంగదైతే అందులోని నంబరూ దొంగవాడిదే. అబ్బాయినే కంపెనీ వెబ్‌సైట్ తెరిచి, అక్కడున్న ల్యాండ్‌లైన్, మెయిల్ అడ్రస్ రాసుకోమనండి. ఇలా రాయొచ్చు:

"నమస్కారం. మీ కంపెనీలో ఫలానా ఉద్యోగానికి నన్ను ఎంపిక చేసినట్టు ఫలానా కన్సల్టెన్సీ నుంచి ఫలానా తేదీన ఆఫర్ లెటర్ అందింది. కాపీ జతచేశాను. దయచేసి మూడు విషయాలు రాతపూర్వకంగా తెలపండి. ఈ లెటర్ నంబర్ మీ రికార్డులో ఉందా? ఈ కన్సల్టెన్సీకి మీ తరఫున మనుషుల్ని తీసుకునే అనుమతి ఉందా? రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ల్యాప్‌టాప్, తిరిగిచ్చే డిపాజిట్ వంటి ఏ పేరుతోనైనా అభ్యర్థి దగ్గర మీరుగానీ వాళ్లుగానీ డబ్బు తీసుకుంటారా? మీ జవాబు వచ్చేదాకా నేను ఎలాంటి చెల్లింపూ చేయను. ఒరిజినల్ లెటర్ ఆఫీసుకే వచ్చి తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను."

కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉంటే ఇదే ఇంగ్లీషులో పంపమనండి. కన్సల్టెన్సీకి కూడా ఇదే రాసి, "కంపెనీ హెచ్‌ఆర్‌కు కూడా రాశాను, వాళ్లు సరేనన్నాక ముందుకు వెళదాం" అని ఒక్క వాక్యం కలపాలి. "ఆఫర్ నిజమేనా?" అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఆ మాటకు మోసగాడు నిమిషంలో "హండ్రెడ్ పర్సెంట్ జెన్యూన్" అనేస్తాడు. "తిరిగిచ్చే డిపాజిట్" అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే "మేం ఫీజు తీసుకోం, ఇది ఫీజు కాదు కదమ్మా" అని తప్పించుకుంటారు.

ఇక జవాబు ఎలా చదవాలో చూద్దాం. మెయిల్ అడ్రసులో @ గుర్తు తర్వాత ఉన్న భాగం, కంపెనీ వెబ్‌సైట్ పేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. సైట్ `peru.com` అనుకోండి, మెయిల్ `hr@peru-careers.in` నుంచి వస్తే అది కంపెనీదని నమ్మడానికి లేదు. అలాంటి పేరు ఎవరైనా కొన్ని వందల రూపాయలకు కొనుక్కోవచ్చు. రాతలో అడిగితే రాతలో చెప్పకుండా ఫోన్ చేయడం, "సీట్లు అయిపోతున్నాయి" అని తొందరపెట్టడం, నమ్మించడానికి ఆధార్ ఫొటో, జీఎస్టీ సర్టిఫికెట్ పంపడం చూస్తే అక్కడితో ఆపేయండి. ఆ కాగితాలు నిజమైన కంపెనీవే కావచ్చు, పంపినవాడు మాత్రం ఆ కంపెనీ మనిషి కాకపోవచ్చు. డబ్బు పంపమన్న యూపీఐ నంబర్ కొట్టగానే స్క్రీన్ మీద వచ్చే పేరు కూడా చూడమనండి. కంపెనీ డిపాజిట్ ఒక మనిషి సొంత ఖాతాలోకి ఎందుకు వెళుతుంది?

చిత్తూరు నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి కుటుంబం సంగతి చెబుతాను. మొదట రిజిస్ట్రేషన్ అని 1,999 అడిగారు. చిన్న మొత్తమే కదా అని కట్టారు. వారం తర్వాత ట్రైనింగ్ కిట్ అని 14,500. ఆ తర్వాత "మీ డిపాజిట్ రిఫండ్ రెడీగా ఉంది, బ్యాంక్ వెరిఫికేషన్ కోసం 21,000 కడితే అంతా కలిపి వస్తుంది" అన్నారు. ఈ మూడోదానికే ఆ అమ్మాయి వాళ్లమ్మ గొలుసు కుదవ పెట్టింది. అంతా కలిపి 37,499. ఆ రసీదులు నా బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మూడూ మూడు వేర్వేరు మనుషుల పేర్ల మీద ఉన్నాయి. అందులో ఒక్కటీ కంపెనీ పేరు కాదు. ముందు కట్టింది పోతుందేమోనన్న భయమే వాళ్లచేత తర్వాతది కట్టించింది. మొదటి 1,999కి ముందే పైన చెప్పిన మెసేజ్ వెళ్లి ఉంటే, ఖర్చు అక్కడే ఆగిపోయేది.

మీ విషయంలో లెక్క చూడండి. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే 15,500 మీద నెలకు 155. వడ్డీ పెద్దది కాదు. డబ్బు తిరిగి రాకపోతే మాత్రం, ఉద్యోగంలేని ఇంట్లో అసలు ఎవరు కడతారన్నదే నా బెంగ.

ఉద్యోగంలో చేరేటప్పుడు మీ చేతి నుంచి నిజంగా పడే ఖర్చులు కొన్ని ఉంటాయి. బస్సు చార్జీలు, జిరాక్సులు, ఒక్కోసారి మెడికల్ టెస్ట్. ఆ టెస్ట్ డబ్బు ల్యాబ్‌లోనే కట్టి, ల్యాబ్ రసీదు తీసుకోవాలి, రిక్రూటర్ చేతికి ఇవ్వకూడదు. కొన్ని ఊళ్లలో చిన్న కన్సల్టెన్సీలు రిజిస్ట్రేషన్ పేరుతో కొంత తీసుకుంటున్నాయి. నా సలహా, అదీ కట్టొద్దు. ఆ రసీదు చూపించినంత మాత్రాన కంపెనీ ఉద్యోగం ఇవ్వదు.

జవాబు రెండు మూడు పనిదినాల్లో రాకపోతే శుక్రవారం గడువు దాటిపోనివ్వండి. రేణిగుంట నుంచి శ్రీసిటీ మరీ దూరం కాదు. అబ్బాయి పొద్దున్నే బయల్దేరి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర లెటర్ చూపించి, "హెచ్‌ఆర్‌లో ఈ పేరుతో ఎవరైనా ఉన్నారా?" అని సెక్యూరిటీని అడిగితే చాలు. ఆధార్, పాన్, పాస్‌బుక్ కాపీలు ఆ రోజు దాకా ఎవరికీ పంపొద్దు. ఓటీపీ అయితే ఏ రోజూ చెప్పొద్దు.

ఒకవేళ ఈ ఉత్తరం రాసిన తర్వాత ఇప్పటికే ఎంతైనా కట్టేసి ఉంటే, తిట్టుకుంటూ కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబర్, తేదీ, మొత్తం దగ్గర పెట్టుకోండి. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయించి, మీ బ్యాంకు బ్రాంచిలో చెప్పండి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, కాబట్టి ఆ ఫోన్ తెల్లారేదాకా ఆగకుండా ఆ గంటలోనే చేయాలి.